ఇరవై వేల తగ్గింపు ఎన్నాళ్లు మిగులుతుంది?

ఖమ్మంలో ఉద్యోగం చేసుకునే ఒక జంట చిన్న కారు కొనాలనుకుంటోందని అనుకుందాం. రెండు కంపెనీల కార్లు నచ్చాయి. రెండో కంపెనీ షోరూమ్‌వాళ్లు ఇరవై వేలు తగ్గిస్తామన్నారు. పైగా తమ కారుకు 15,000 కిలోమీటర్లకోసారి సర్వీసింగ్ చాలునని, మొదటి కంపెనీ కారుకైతే 10,000కే చేయించాలని చెప్పారు. వింటే రెండో కారే లాభంగా అనిపిస్తుంది.

మాన్యువల్ తెరిస్తే కథ కాస్త మారుతుంది. అందులో 15,000 కిలోమీటర్ల పక్కనే ‘లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది’ అని ఉంటుంది. ఈ జంట ఏడాదికి తిరిగేది 12,000 కిలోమీటర్లు. అంటే రెండో కారుకు కిలోమీటర్లు నిండకముందే ఏడాది నిండుతుంది. ఐదేళ్లకు ఐదు సర్వీసులు. మొదటి కారుకు 60,000 కిలోమీటర్లకు ఆరు. తేడా ఒక్కటే! ఏడాదికి ఎనిమిది వేలే తిరిగేవారికైతే అదీ ఉండదు.

ఇక ఖర్చు. కింది ధరలు లెక్క తెలియడానికి అనుకున్నవే. కొనేవాళ్లు తమ ఊరి ధరలు వేసుకోవాలి. మొదటి కారుకు మామూలు సర్వీసు నాలుగు వేలు, 40,000 కిలోమీటర్ల దగ్గర వచ్చే పెద్ద సర్వీసు ఎనిమిది వేలు. ఆరింటికీ కలిపి 28,000. రెండో కారుకు మామూలుది ఆరు వేలు, పెద్దది పదకొండు వేలు. ఐదింటికి 35,000. ‘ఫ్రీ సర్వీసు’ అన్నమాటను చూసి ఈ లెక్కలో సున్నా వేసుకోకూడదు. అక్కడ ఉచితం లేబరే, ఆయిలుకూ ఫిల్టర్లకూ బిల్లు పడుతుంది. మాన్యువల్ అడగని ఇంజన్ ఫ్లష్, ఏసీ క్లీనింగ్ వంటివి కూడా బిల్లులోకి ఎక్కుతుంటాయి. వద్దంటే తీసేస్తారు, అడగాలంతే.

ఏడు వేల తేడాకు ఎవరూ కారు మార్చుకోరు. అసలు తేడా స్పేర్ పార్టుల కౌంటర్ దగ్గర తెలుస్తుంది.

గతుకుల రోడ్ల మీద తిరిగే కారులో ముందు చక్రాల దగ్గరుండే లోయర్ ఆర్మ్ బుష్‌లు అరిగిపోతాయి. స్పీడ్ బ్రేకర్ ఎక్కి దిగేటప్పుడు కింద టక్కు టక్కుమని మోగితే మెకానిక్ ముందు వాటినే చూస్తాడు. బుష్ అంటే చిన్న రబ్బరు ముక్క. మొదటి కంపెనీ దాన్ని విడిగా అమ్ముతుంది: జత ఆరు వందలు, కూలి పదిహేను వందలు, మొత్తం 2,100. రెండో కంపెనీలో బుష్ విడిగా దొరకదు, ఆర్మ్ మొత్తం కొనాలి. రెండు వైపులా తొమ్మిది వేలు, కూలితో 10,500. అందుకే కౌంటర్‌లో ‘ధర ఎంత?’ కన్నా ముందు ‘విడిగా దొరుకుతుందా?’ అని అడగాలి. సైడ్ అద్దం పగిలితే అద్దం ముక్క ఒక్కటే ఇస్తారా, హెడ్‌లైటులో బల్బు మాడితే బల్బే మారుతుందా అన్నవీ ఇలాంటి ప్రశ్నలే.

ఇప్పటికి రెండో కారుకు అదనంగా పడింది 15,400. ఇరవై వేల తగ్గింపులో ఇంకా 4,600 మిగిలే ఉన్నాయి.

ఐదేళ్లలో ఒక్కసారి ముందువైపు డాష్ తగిలిందనుకుందాం. బంపరు, ఒక హెడ్‌లైటు పోయాయి. మొదటి కారుకు రెండూ కలిపి 7,500. రెండో కారుది ఎల్‌ఈడీ లైటు కాబట్టి 28,000. ఇన్సూరెన్స్ ఉందిగా అనుకుంటారు చాలామంది. మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాల ధరలో సగం తరుగు కింద కోసేస్తారు, కారు కొత్తదైనా సరే. చేతి నుంచి పడేది మొదటి కారుకు 3,750, రెండోదానికి 14,000. తేడా 10,250. మిగిలిన 4,600 ఇక్కడ కరిగిపోయి, మొదటి కారే 5,650 చవక అయింది.

ధరలు సేకరించేటప్పుడు ఒక జాగ్రత్త. బంధువుల దగ్గరున్న పాత బిల్లుల్ని నేరుగా పోల్చకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బయటి షాపులో అసలు కంపెనీ పార్టులు దొరుకుతాయో లేదో కూడా కనుక్కోవాలి. వాటిని బయటి మార్కెట్‌కు రానివ్వడం లేదన్న కేసులోనే 2014లో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది.

ఖమ్మం జంట లెక్కలో ఇంకొక్క గడి ఖాళీగా ఉంది. తరుగు కోత లేని జీరో డెప్ పాలసీ తీసుకుంటే డాష్ తేడా చాలావరకు పోతుంది, కానీ దానికి ఏటా అదనపు ప్రీమియం కట్టాలి. రెండు కార్లకూ ఆ అదనం ఎంతో కోటేషన్ తెప్పించుకున్నాకే అడ్వాన్సు కట్టాలి.