ఒక నిమిషం చదువు, పన్నెండు వారాల ప్రశ్న

"ప్రాథమిక తరగతుల విద్యార్థుల పఠన నైపుణ్యాలను పెంపొందించుట." ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నవారి చర్యాత్మక పరిశోధన రికార్డులు తెరిస్తే ఇలాంటి శీర్షిక తరచూ ఎదురవుతుంది. ఉద్దేశం మంచిదే. కానీ దీన్ని పట్టుకుని పరిశోధన చేయలేం. ఏ పిల్లలు, ఎక్కడ ఆగిపోతున్నారు, టీచరు కొత్తగా ఏం చేస్తారు, అది పనిచేయలేదని ఎలా తెలుస్తుంది? శీర్షికలో వీటిలో ఒక్కదానికీ చోటు లేదు. ఏం జరిగినా చివర్లో "నైపుణ్యాలు పెంపొందినవి" అని రాసుకోవచ్చు. ఓడిపోయే అవకాశం లేని ప్రశ్న మనకు ఏమీ నేర్పదు.

చర్యాత్మక పరిశోధన అంటే తన తరగతిలోని ఒక చిక్కుకు టీచరే కారణం వెతికి, ఒక మార్పు చేసి, ఫలితం కొలిచి, దాన్నిబట్టి మళ్లీ సరిదిద్దుకోవడం. 1940లలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఒక మూడో తరగతిని ఉదాహరణగా తీసుకుని, ధారాళంగా చదవడంపై ప్రతిపాదన ఎలా తయారవుతుందో మొదటి నుంచి చూద్దాం. తరగతిలో 26 మంది ఉన్నారనుకుందాం. ఇక్కడ చెప్పే పిల్లల సంఖ్యలూ మార్కులూ లెక్క అర్థం కావడానికి ఊహించినవే.

ముందు వినాలి

ప్రతిపాదన రాయడానికి ముందు టీచరు చేయాల్సిన పని వినడం. పిల్లలు ఇంతకు ముందు చూడని చిన్న కథ ఒకటి తీసుకుని, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి సరిగ్గా ఒక నిమిషం చదివించాలి. అదే కథ టీచరు చేతిలోనూ ఉంటుంది. తప్పు చదివిన మాట మీద గీత గీయాలి. మాట దగ్గర ఆగిపోతే మూడు సెకన్లు చూసి, ఆ మాట అందించి, దాన్ని తప్పుగా లెక్కించాలి. తప్పు చదివి తనంతట తానే వెంటనే దిద్దుకుంటే ఒప్పే. నిమిషం అయ్యాక చదివిన మాటల్లోంచి తప్పులు తీసేస్తే మిగిలేది ఆ పిల్లవాడు నిమిషానికి సరిగ్గా చదివే మాటల సంఖ్య. తర్వాత పుస్తకం మూసి, చదివిన దాంట్లో ఏం జరిగిందో చెప్పమనాలి. ఒక్కొక్కరికి మూడు నాలుగు నిమిషాలు. 26 మందికి రెండు మూడు పూటలు చాలు.

2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థవంతంగా చదవాలని లక్ష్యం పెట్టింది. తెలుగులో ఈ అంకెను జాగ్రత్తగా వాడాలి. "చదువుకుంటున్నాడు" అన్నది మనకు ఒకే మాట, కానీ అందులో ఏడు అక్షరాలున్నాయి. పొడుగు క్రియలున్న పేరాకూ, "అమ్మ", "బడి", "పాలు" వంటి మాటలున్న పేరాకూ ఒకే వేగం రాదు. అందుకే మాటలతో పాటు నిమిషానికి చదివిన అక్షరాలను కూడా లెక్కపెట్టుకుంటే ఒక పేరాను ఇంకో పేరాతో పోల్చడం న్యాయంగా ఉంటుంది.

అలా విన్న తర్వాత, వెనకబడ్డ 12 మందీ ఒకే కారణంతో వెనకబడలేదని తేలుతుంది. నలుగురు ఒత్తులు, గుణింతాల దగ్గరే తప్పులు చేస్తున్నారు. "పుస్తకం"లో స-కు తగిలిన తావత్తును వదిలేస్తారు, "కొ"కూ "కో"కూ తేడా చూడరు. మిగతా ఎనిమిది మంది పదింట తొమ్మిదికి పైగా మాటలు సరిగ్గానే చదువుతారు. కానీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, నిమిషానికి పాతిక మాటల దగ్గరే ఉండిపోతారు.

మొదటి నలుగురికి కావాల్సింది అక్షరాల పట్టు. చదివిందే మళ్లీ చదివిస్తే వారు చేసే తప్పే అలవాటవుతుంది. రెండో జట్టుకు అక్షరాలు వచ్చు, వాటిని గుర్తుపట్టడంలో వేగం లేదు. మనసు ఒకేసారి కొంత పనే మోయగలదు. బలమంతా అక్షరాలకే పోతే అర్థానికి మిగలదు. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర్లో వస్తుంది. ఎవరు, ఎక్కడ, ఏమిటి అన్నవి మోసుకుంటూ వెళ్లాలి, చివరి మాట చేరాకే ఏం జరిగిందో తెలుస్తుంది. నెమ్మదిగా చదివే పిల్లవాడు ఆ చివరికి చేరేసరికి మొదలు జారిపోతుంది. కథ చెప్పమంటే మౌనంగా నిలబడటానికి ఒక ముఖ్యమైన కారణం ఇదే.

ప్రశ్న ఎలా ఉండాలి

ఇప్పుడు ప్రశ్న రాయగలం. "అక్షరాలు సరిగ్గా గుర్తుపట్టినా కూడబలుక్కుంటూ చదివే ఎనిమిది మంది మూడో తరగతి పిల్లలు, రోజుకు 20 నిమిషాలు, వారానికి ఐదు రోజులు, నాలుగు వారాల పాటు జంటలుగా ఒకే కథను మళ్లీ మళ్లీ చదివితే, కొత్త కథను నిమిషానికి సరిగ్గా చదివే మాటలు పెరుగుతాయా? చదివిన కథను తిరిగి చెప్పగలగడం కూడా మెరుగవుతుందా?"

ఇందులో "కొత్త కథ" అన్న మాట ప్రాణం లాంటిది. సాధన చేసిన కథను శుక్రవారం చదివిస్తే వేగం పెరిగినట్టే కనిపిస్తుంది. అది సగం కంఠస్థం. సాధన ఇంకో కథకు పాకితేనే చదువు ముందుకెళ్లినట్టు. రెండో భాగాన్నీ వదలకూడదు. వేగం ఒక్కటే కొలుస్తామని తెలిస్తే పిల్లలు పరుగు పందెంలా చదువుతారు, చుక్క దగ్గర కూడా ఆగరు.

ఇరవై నిమిషాల్లో ఏం జరుగుతుంది

మళ్లీ మళ్లీ చదివించే ఈ పద్ధతిని ఎస్. జే శామ్యూల్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 1979లో వివరించాడు. మన తరగతిలో వారం ఇలా నడవొచ్చు. సోమవారం టీచరు 60 నుంచి 80 మాటల కథను పిల్లలు వేలితో గీత వెంట వస్తుండగా భావంతో చదువుతారు, తర్వాత అందరూ కలిసి చదువుతారు. మంగళవారం నుంచి గురువారం దాకా జంటల్లో ఒకరు చదివితే మరొకరు వింటారు. ఒక్కొక్కరు రోజూ మూడుసార్లు చదువుతారు. వినేవాడి పని ఖాళీగా కూర్చోవడం కాదు, మాట తప్పితే వేలు పెట్టి చూపాలి. శుక్రవారం కథను సొంత మాటల్లో చెప్పడం, ఆ తర్వాత కొత్త పేరాతో ఒక నిమిషం పరీక్ష.

పరీక్ష పేరాలు ముందే సిద్ధం కావాలి. పది వారాలకు పద్నాలుగు దాకా కావాలి. లైబ్రరీలోని కథల పుస్తకాల నుంచి తీసుకుని వాక్యాల పొడవు, ఒత్తులున్న మాటల సంఖ్య దాదాపు సమానంగా ఉండేలా చూసుకోవాలి. ఎంత చూసినా ఒకటి తేలికగా, ఒకటి కష్టంగా ఉంటుంది. అందుకే ఒక శుక్రవారం ఎనిమిది మందీ ఒకే పేరా చదవాలి.

దేన్ని తప్పు అనాలో కూడా ప్రతిపాదనలోనే రాసి పెట్టుకోవాలి. శ, ష, స ఒకేలా పలికితే, ళ-ను ల-గా పలికితే అది ఇంట్లో వినిపించే పలుకుబడి, చదవడంలో తప్పు కాదు. "వచ్చాడు" అని ఉన్నచోట పిల్లవాడు "వచ్చిండు" అంటే? మాటను గుర్తుపట్టి, అర్థం తెలుసుకుని, తన ఇంటి తెలుగులోకి మార్చుకున్నాడు. దాన్ని ఒప్పుగా తీసుకోవడమే సమంజసం. ఈ నిర్ణయం మొదటివారం ఒకలా, చివరివారం మరోలా ఉంటే లెక్కంతా పాడవుతుంది. కొన్ని చదువులను ఫోన్‌లో రికార్డు చేసి ఇంకో టీచరుతో మార్కులు వేయిస్తే మన చెవి పక్షపాతం బయటపడుతుంది. దీనికి ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. కాగితాల మీద పేర్లకు బదులు గుర్తులు వాడాలి.

పెరిగితే అది దేనివల్ల?

ఇలాంటి పరిశోధనల్లో పెద్ద లోపం ఇక్కడే ఉంటుంది. మొదట కొలుస్తారు, చివర కొలుస్తారు, పెరిగింది కాబట్టి పద్ధతి గెలిచిందంటారు. పిల్లలు మూడు నెలల్లో మామూలు పాఠాలతోనూ కొంత పెరుగుతారు. అలాగని సగం మందికి సాధన ఇవ్వకుండా ఆపడం టీచరుకు మనసొప్పని పని.

దీనికి చక్కని దారి ఉంది. దగ్గర దగ్గర మార్కులున్న పిల్లలను ఇద్దరిద్దరుగా పెట్టి, చీటీ తీసి, నలుగురిని ముందు జట్టుగా, నలుగురిని తర్వాతి జట్టుగా చేయాలి. ముందు జట్టు మూడో వారంలో సాధన మొదలుపెడుతుంది. తర్వాతి జట్టు ఆ 20 నిమిషాలూ ఎప్పట్లా కథల పుస్తకం తమంతట తాము చదువుకుంటుంది, ఏడో వారంలో సాధనలోకి వస్తుంది. శుక్రవారం పరీక్ష మాత్రం ఎనిమిది మందికీ ఉంటుంది.

ఆరో వారానికి ముందు జట్టు సగటు 26 నుంచి 36 మాటలకు, తర్వాతి జట్టు 25 నుంచి 28కి చేరాయనుకుందాం. ఆ మూడు మాటలు కాలంతో, మామూలు పాఠాలతో వచ్చినవి. మిగిలిన ఏడింటిని సాధన ఖాతాలో రాయొచ్చు. ఏడో వారం తర్వాత రెండో జట్టు కూడా అలాగే పైకి లేస్తే నమ్మకం గట్టిపడుతుంది. రెండు జట్లూ ఒకేసారి పెరిగితే కారణం ఇంకేదో ఉంది. వేగం పెరిగి కథ చెప్పడం మెరుగవకపోతే, జంటల్లో చదివాక కథ గురించి మాట్లాడుకునే సమయాన్ని పెంచి చూడాలి.

కాలపట్టిక

ఈ పని దసరా సెలవుల తర్వాత మొదలైతే సంక్రాంతి సెలవుల లోపు పన్నెండు వారాలు దాదాపుగా దొరుకుతాయి. జూన్, జూలై నెలలు చేరికలతో, పుస్తకాల పంపిణీతో గడిచిపోతాయి.

మొదటి వారం తరగతి అంతటినీ వినడం, ఎనిమిది మందిని ఎంచుకోవడం. రెండో వారం మూడు వేర్వేరు పేరాలు చదివించి మధ్య మార్కును ప్రారంభ స్థాయిగా తీసుకోవడం. మూడు నుంచి ఆరు వారాలు ముందు జట్టు సాధన. ఆరో వారం చివర గ్రాఫ్ గీసుకుని చూసుకోవడం: జంటలు కుదిరాయా, కథలు మరీ కష్టమా, ఎవరు తరచూ బడి మానేస్తున్నారు? ఏడు నుంచి పది వారాలు రెండు జట్ల సాధన. పదకొండో వారం చివరి కొలతలు, మళ్లీ మూడు పేరాలతో. పన్నెండో వారం ఫలితాలు రాయడం, తల్లిదండ్రులతో మాట్లాడటం. సెలవుల తర్వాత రెండో జట్టుకు తక్కువైన నాలుగు వారాల సాధన కూడా ఇచ్చేయాలి. మొదట పక్కన పెట్టిన నలుగురికి ఒత్తులు, గుణింతాల పని మొదటి వారం నుంచే వేరుగా సాగుతుండాలి. పరిశోధనలో లేనంత మాత్రాన వారు తరగతిలో లేనట్టు కాదు.

ఎనిమిది మందితో తేలింది రాష్ట్రమంతటికీ వర్తించదు. ప్రతిపాదనలో ఆ మాట స్పష్టంగా రాయాలి. పది మాటలు పెరిగినా 60 ఇంకా దూరమే అన్నదీ రాయాలి. కాలపట్టికలో చివరి గడి ఒకటుంది. సంక్రాంతి సెలవుల్లో పిల్లలు పుస్తకం ముట్టకపోవచ్చు. బడి తెరిచిన మొదటి వారంలో, సాధన మళ్లీ మొదలుకాకముందే, ఎనిమిది మందితో కొత్త పేరా ఒక నిమిషం చదివించాలి. గాలిపటాలు ఎగరేసి వచ్చిన పిల్లవాడు 36 దగ్గరే నిలిస్తే ఆ చదువు వాడిదైంది. మళ్లీ 28కి జారితే, వచ్చే ఏడాది పరిశోధనకు ప్రశ్న అక్కడే దొరుకుతుంది.