వీడియోలో డాక్టరు ముందుగా జబ్బు గురించి ఎందుకు అడగరు?

అమెరికాలోని మన ఇళ్లలో తరచు వినబడే ఫిర్యాదు ఇది. "ఇచ్చిందే పదిహేను నిమిషాల అపాయింట్‌మెంటు. అందులో రెండు నిమిషాలు 'వినిపిస్తోందా, కనిపిస్తున్నానా, ఇప్పుడు ఎక్కడున్నారు, ఫోన్ నంబరెంత' అంటూనే గడిచిపోతాయి. అమ్మకి ఆయాసంగా ఉందని చెబుతుంటే ముందు ఈ తతంగమేమిటి?"

అడగవలసిన ప్రశ్నే. జవాబు కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

మనిషి క్లినిక్కులోకి నడిచి వస్తుంటేనే డాక్టరుకి సగం సంగతి తెలిసిపోతుంది. ఎన్ని అడుగులకు ఆగారు, కుర్చీలో ఎలా కూలబడ్డారు, మాట మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకున్నారు అన్నవన్నీ కంటికీ చెవికీ నేరుగా అందుతాయి. వీడియోలో అందేది మైకు పట్టినంత, కెమెరా చూపినంత, ఇంటర్నెట్టు మోసుకొచ్చినంత మాత్రమే. ఈ మూడింటిలో ఏది తప్పుగా పనిచేసినా ఆ తప్పు రోగి ఒంట్లో ఉన్నట్టు కనబడుతుంది. అందుకే జబ్బు సంగతి ఎత్తే ముందు వీటిని పరీక్షించాలి.

ఈ వరస ఎక్కడిది?

2020 మార్చి 17న అమెరికా ఆరోగ్య శాఖ నిబంధనలు సడలించి, కోవిడ్ అత్యవసర కాలంలో ఫేస్‌టైమ్, స్కైప్ వంటి మామూలు యాప్‌ల మీద కూడా రోగులను చూడవచ్చని చెప్పింది. వీడియోలో ఒక్క రోగినీ చూడని డాక్టర్లు కొద్ది రోజుల్లోనే రోజంతా వీడియోలో కూర్చోవలసి వచ్చింది. అదే నెల 25న బ్రిటన్ వైద్య పత్రిక బీఎంజేలో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ ట్రిష్ గ్రీన్‌హాల్, మరో ఇద్దరు కలిసి దూరం నుంచి కోవిడ్ రోగిని ఎలా చూడాలో రాశారు. దానితో పాటు వచ్చిన ఒక పేజీ పటంలో ఈ వరస స్పష్టంగా ఉంది. ముందు మాట, బొమ్మ సరిచూడాలి. తరవాత పేరు, పుట్టిన తేదీ. తరవాత రోగి ఉన్న చోటు, లైను తెగితే పిలవడానికి ఫోన్ నంబరు. జబ్బు గురించి ప్రశ్నలు ఆపైనే. అమెరికాలో ఆ అత్యవసర కాలం 2023 మే 11న ముగిసింది. వీడియో విజిట్లు మాత్రం కొనసాగుతున్నాయి.

మాట తెగితే మళ్లీ చెప్పించుకోవచ్చు కదా?

చెప్పించుకోవచ్చు. కానీ మొదటిసారి చెప్పినట్టు రెండోసారి ఎవరూ చెప్పరు. "ఏమైందమ్మా?" అని అడగగానే రోగి నోట వచ్చే మొదటి నాలుగు వాక్యాలకు చాలా విలువ ఉంటుంది. ఏది ముందు చెప్పారు, ఎక్కడ తడబడ్డారు, దేన్ని తేలిగ్గా తీసేశారు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. సగం విన్నాక "సారీ, మళ్లీ చెప్తారా?" అంటే పెద్దవాళ్లు కుదించి "ఏం లేదు, కొంచెం ఆయాసం" అనేస్తారు. రాత్రి రెండు దిళ్లు ఎత్తుగా పెట్టుకుంటే గాని పడుకోలేకపోతున్నానన్న మాట అక్కడే జారిపోతుంది. గుండె జబ్బు ఉన్న మనిషి విషయంలో డాక్టరు అన్నిటికన్నా ముందు వినవలసిన మాట అదే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో కూతురింట్లో ఉంటున్న డెబ్భై ఏళ్ల తల్లి. గుండె బలహీనంగా ఉండి, ఒంట్లో నీరు చేరకుండా ఫ్యూరోసమైడ్ మాత్ర వేసుకుంటున్నారు. బరువు పెరుగుతోందని వీడియో విజిట్ పెట్టుకున్నారు. డాక్టరు కూడా తెలుగావిడే. "మాత్ర ఎంత పవరుదమ్మా?" అంటే ఇటువైపు "...భై" అని మాత్రమే వినబడింది. నలభై అయినా, ఎనభై అయినా చివర అదే మోత. ఇప్పుడు మోతాదు పెంచాలా వద్దా అన్న నిర్ణయం ఆ పోయిన రెండు అక్షరాల మీద ఆధారపడింది. "నిన్న వేసుకున్నారా?" అంటే "వేసు..." దగ్గర తెగింది. మన మాటల్లో అవునో కాదో తేలేది క్రియ చివరనే. తెగేది కూడా తరచు అక్కడే.

దానికి కారణం ఆలస్యం. డాక్టరు మాట రోగికి చేరడానికి కొంత, రోగి మాట తిరిగి రావడానికి కొంత సమయం పడుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క. అది దాటిన కొద్దీ డాక్టరుకి ప్రతి జవాబూ ఆలస్యంగా వస్తున్నట్టు అనిపిస్తుంది. ప్రశ్న అర్థం కాలేదేమోనని మళ్లీ మొదలుపెడతారు. సరిగ్గా అప్పుడే రోగి మాట వచ్చి చేరుతుంది. రెండు గొంతులు ఒకేసారి పలికితే, ప్రతిధ్వనిని ఆపడానికి యాప్ చేసే సర్దుబాటులో ఒక గొంతు అణిగిపోవచ్చు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. జవాబు ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తగ్గిందనో, మాట ముద్దగా వస్తే పక్షవాతమనో పొరబడవచ్చు. లేదా నిజంగా ముద్దగా వస్తున్న మాటను "నెట్టు బాగా లేదు" అని వదిలేయవచ్చు. ఈ రెండోది మరీ ప్రమాదకరం.

అయితే ఎలా సరిచూడాలి?

"వినిపిస్తోందా?" అని ఊరుకుంటే లాభం లేదు. మన పెద్దవాళ్లు మర్యాద కొద్దీ "ఆఁ" అంటారు. పక్కనున్న కూతురు "వినిపిస్తోంది డాక్టర్" అంటే అది కూతురికి వినిపించినట్టు, తల్లికి కాదు. తల్లి చేతే చెప్పించాలి. "మీ పూర్తి పేరు, పుట్టిన తేదీ చెప్పండమ్మా" అంటే మనిషి ఆవిడేనని తేలుతుంది, ఆవిడ గొంతు ఎలా వస్తోందో కూడా తెలుస్తుంది. తరవాత డాక్టరు రెండు అంకెలు, నలభై రెండు, ఎనభై ఆరు లాంటివి, చెప్పి తిరిగి చెప్పమనాలి. సరిగ్గా చెబితే అటు మాట అందుతున్నట్టు. తప్పు చెబితే స్పీకరా, చెవా అని చూసుకోవాలి. వినికిడి యంత్రం డ్రాయరులో ఉండిపోవడం అరుదేమీ కాదు. ఆలస్యం తెలుసుకోవాలంటే "నేను మూడు అనగానే చెయ్యెత్తండి" అంటే చాలు. చెయ్యి లేచేందుకు పట్టే వ్యవధి చూసి, ఇక ప్రతి ప్రశ్న తరవాతా అంతసేపు ఆగడం అలవాటు చేసుకోవచ్చు.

ఒకే గదిలో ఫోనూ లాప్‌టాపూ రెండూ విజిట్‌లో ఉంటే మాట గింగురుమంటుంది. ఒకటి తీసేయాలి.

దుబాసీ ఉంటే పరీక్ష మూడువైపులా చేయాలి. రోగి ఇంగ్లీషు మాట్లాడలేకపోతే ఫెడరల్ నిధులు అందుకునే ఆసుపత్రులు అర్హత గల దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అఫర్డబుల్ కేర్ చట్టం సెక్షన్ 1557 నిబంధనలు ఇంకో మాట కూడా అంటాయి: వీడియో దుబాసీ ఉన్నప్పుడు బొమ్మ ఆగకుండా, మసకబారకుండా, మాట స్పష్టంగా ఉండాలి. దుబాసీకి రోగి మాట అందకపోతే ఆ నిమిషంలోనే ఆపే హక్కు మీకుంది. మొహమాటపడకండి.

బొమ్మ కనబడుతూనే ఉంది కదా, దాన్నేం చూడాలి?

కనబడడం వేరు, చూడదగ్గట్టు కనబడడం వేరు. వీపు వెనక కిటికీ ఉంటే కెమెరా ఆ వెలుగుకి సర్దుకుని ముఖాన్ని చీకటి చేస్తుంది. పసుపు బల్బు కింద ఎవరైనా కామెర్ల రోగిలా ఉంటారు. నీలి వెలుగులో ఎవరి పెదవులైనా నీలంగా తోస్తాయి. కిటికీకి ఎదురుగా కూర్చోమని, చెంప పక్కన తెల్లకాగితం పట్టుకోమనాలి. కాగితం పచ్చగా కనబడితే రంగు తప్పు కెమెరాది. మన ఒంటి రంగు మీద పాలిపోవడం, నీలం తిరగడం అసలే తేలిగ్గా తెలియవు. లోపలి పెదవి, నాలుక, కనురెప్ప లోపలి భాగం చూపమనాలి. అంత చేసినా వీడియో రంగును నమ్మి "బాగానే ఉంది" అని తేల్చకూడదు. అనుమానమొస్తే నేరుగా చూడాలి.

నెట్టు బలహీనపడినప్పుడు చాలా యాప్‌లు ముందు బొమ్మను తగ్గించి మాటను కాపాడతాయి. అందుకే మాట బాగుందంటే బొమ్మ కూడా బాగుందనుకోకూడదు. కదలకుండా కూర్చున్న మనిషి బొమ్మ ఆగిపోయినా వెంటనే తెలియదు. తల అటూ ఇటూ తిప్పమంటే తెలుస్తుంది. మన ఉదాహరణలో డాక్టరుకి ఇది కీలకం. నిమిషంలో ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో ఛాతీ చూసి లెక్కపెట్టాలి. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే ఆ లెక్కకు అర్థం లేదు. ఫోన్ను చేత్తో పట్టుకోకుండా దేనికైనా ఆనించి, తల నుంచి నడుము దాకా కనబడేలా పెట్టాలి. కాళ్ల వాపు చూపేటప్పుడు మాత్రం కూతురు పట్టుకుంటే మంచిది. పిల్లికూతలు వినాలనుకుంటే వీడియోను నమ్ముకోవద్దు. ఫ్యాన్ చప్పుడులా సాగే శబ్దాలను యాప్‌లు రొదగా లెక్కగట్టి తీసేస్తాయి. ఊపిరి చప్పుడు కూడా అందులో కొట్టుకుపోవచ్చు.

ఎక్కడున్నారో అడగడం ఎందుకు?

డాక్టరు తన గదిలోంచి 911 నొక్కితే ఆ పిలుపు డాక్టరు ఉన్న ప్రాంతపు కేంద్రానికి వెళుతుంది, రోగి ఉన్న ఊరికి కాదు. ఛాతీ నొప్పి అని చెప్పి లైను తెగితే, చిరునామా లేకుండా అంబులెన్సు పంపేదెలా? పైగా రోగి ఆ క్షణాన ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రంలో చూసే అనుమతి డాక్టరుకి ఉండాలి. టెక్సాస్ అమ్మ న్యూజెర్సీ కొడుకింటికి వచ్చి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. అందుకే ఈ ప్రశ్న కూడా మొదటి నిమిషంలోనే ఉంటుంది.

ఎంత చేసినా కుదరకపోతే?

రెండు మూడు నిమిషాలు చూసి మార్గం మార్చాలి. మాట మాత్రమే పాడైతే వీడియో శబ్దం ఆపేసి, మామూలు ఫోన్లో మాట్లాడుతూ బొమ్మ వీడియోలో చూడవచ్చు. బొమ్మే రాకపోతే ఫోన్ విజిట్‌గా మార్చుకోవచ్చు. రోగి తన ఇంట్లో ఉండి, వీడియో వాడలేకపోయినా, ఒప్పుకోకపోయినా, మాటతో మాత్రమే జరిగే విజిట్‌ను మెడికేర్ నిబంధనలు గుర్తిస్తాయి. ఊపిరి లెక్క, వాపు తప్పనిసరిగా చూడవలసినవైతే ఫోన్ చాలదు. అదే రోజు క్లినిక్కుకి రమ్మనాలి.

ఈ వరసకు ఒక్క మినహాయింపు ఉంది. బొమ్మ రాగానే మనిషి మాట పూర్తిచేయలేనంత ఆయాసపడుతున్నా, మొదటి మాటే ఛాతీ నొప్పి అయినా అంకెలూ కాగితాలూ వద్దు. చిరునామా అడిగి, ఇంట్లో ఉన్నవాళ్ల చేత వెంటనే 911కి ఫోన్ చేయించాలి. బీఎంజే పటం కూడా మరీ అనారోగ్యంగా కనబడితే నేరుగా ముఖ్యమైన ప్రశ్నలకే వెళ్లమంటుంది.

కాబట్టి వచ్చే విజిట్‌కి పది నిమిషాల ముందే అమ్మను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. వినికిడి యంత్రం పెట్టండి, మాత్రల డబ్బాలు పక్కన ఉంచండి, టీవీ ఆపండి. డాక్టరు తొందరలో నేరుగా జబ్బు దగ్గరికి వెళితే మీరే ఆపి అడగండి: "డాక్టరు గారూ, అమ్మ మాట మీకు తెగకుండా వస్తోందా?"