పేజీ తిరిగితే గడి మారింది
పార్టీల ఖాతాల స్కాన్ ప్రతుల నుంచి అంకెలు ఎత్తి రాసేటప్పుడు ఒక్క ఖాళీ గడి తప్పినా, ఎన్నికల ముందు కొన్న కార్లు ఆరు నెలలు వెనక్కి వెళ్లిపోతాయి

దేశంలోని గుర్తింపు పొందిన పార్టీలన్నీ ఏటా తమ ఆడిట్ లెక్కలు పంపేది ఢిల్లీ అశోకా రోడ్డులోని నిర్వాచన్ సదన్‌కే. కాంగ్రెస్, బీజేపీల లెక్కలే కాదు, తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, బీఆర్ఎస్‌ల లెక్కలూ అక్కడికే చేరతాయి. ఎన్నికల సంఘం 2014 ఆగస్టులో జారీ చేసి, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇందుకు గడువు అక్టోబర్ 31. సంఘం ఆ లెక్కలను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఎవరైనా చూడొచ్చు. ఢిల్లీలోనే ఉన్న అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) లాంటి సంస్థలు, పత్రికలు పార్టీల ఆదాయ వ్యయాలను పోల్చి చెప్పేది వీటి ఆధారంగానే.

చిక్కల్లా చూడటానికీ లెక్క వేయడానికీ మధ్య ఉన్న దూరంలో ఉంది. పార్టీ కార్యాలయంలో కంప్యూటర్ మీద తయారైన పట్టికను ముద్రిస్తారు. చార్టర్డ్ అకౌంటెంట్ సంతకం చేసి ముద్ర వేస్తారు. ఆ కాగితాన్ని మళ్లీ స్కాన్ చేస్తారు. ఈ ప్రయాణంలో అంకె అంకెగా మిగలదు, బొమ్మ అయిపోతుంది. 2023 జూలైలో ఎన్నికల సంఘం పార్టీల కోసం ఆన్‌లైన్ పోర్టల్ తెచ్చింది గానీ, అంతకు ముందు ఏళ్ల లెక్కలు చాలావరకు బొమ్మలే. రెండు మూడేళ్లను పోల్చాలంటే వాటిని తవ్వక తప్పదు.

ఆ తవ్వకంలో ఎక్కువగా తప్పులు దొర్లేది స్థిరాస్తుల పట్టికలో. భవనాలు, వాహనాలు, ఫర్నిచర్, కంప్యూటర్లు రాష్ట్రాల వారీగా వరుసలో వస్తాయి. కాలమ్‌లు ఎక్కువ కాబట్టి కాగితాన్ని అడ్డంగా ముద్రిస్తారు. వరుసలు ఎక్కువ కాబట్టి పట్టిక రెండు మూడు పేజీలు పాకుతుంది. కాలమ్‌ల శీర్షికలు తరచూ మొదటి పేజీ మీదే ఉంటాయి. రెండో పేజీకి వచ్చేసరికి ఏ అంకె దేనికి సంబంధించిందో చెప్పేది ఒక్కటే, కాగితం మీద అది ఉన్న చోటు.

మూడు పేజీల పట్టికను ఊహించుకుంటే సంగతి స్పష్టమవుతుంది. అంకెలు ఉదాహరణ కోసం తీసుకున్నవి, ఏ పార్టీవీ కావు. 2023-24 సంవత్సరానికి వాహనాల వరుస ఇలా ఉందనుకుందాం. ఏప్రిల్ 1 నాటి విలువ 40,00,000 రూపాయలు. ఆ పక్కన కొత్త కొనుగోళ్లకు రెండు కాలమ్‌లు. ఏడాదిలో 180 రోజులు, అంతకు మించి వాడినవి ఒకదాంట్లో, 180 రోజుల కన్నా తక్కువ వాడినవి మరోదాంట్లో. మొదటిది ఖాళీ. రెండోదాంట్లో 10,00,000. తర్వాత మొత్తం 50,00,000, తరుగుదల రేటు 15 శాతం, తరుగుదల 6,75,000, మార్చి 31 నాటి విలువ 43,25,000.

ఆ రెండు కాలమ్‌లు ఊరికే పెట్టినవి కావు. 1961 ఆదాయ పన్ను చట్టం కింద ఆ ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడిన ఆస్తికి తరుగుదల సగమే దక్కేది. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కాబట్టి అక్టోబర్ మొదటి వారం దాటాక వాడకంలోకి వచ్చిన బండి తక్కువ రోజుల కాలమ్‌లోకి వెళుతుంది. తెలంగాణలో పోలింగ్ జరిగింది 2023 నవంబర్ 30న. ఆ పది లక్షల బండి సరిగ్గా ఎన్నికల ఊపులో వచ్చిందా, వేసవిలోనే వచ్చిందా అన్నది ఆ గడే చెబుతుంది.

ఇప్పుడు స్కాన్ బొమ్మను మామూలు పద్ధతిలో అక్షరాలుగా మార్చితే ఏమవుతుంది? టాబులా, కేమెలాట్ లాంటి ఉచిత సాధనాలు లోపల అక్షరాలున్న పీడీఎఫ్‌ల మీదే పనిచేస్తాయి, బొమ్మల మీద కాదు. బొమ్మను చదవాలంటే అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ కావాలి. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పుట్టి 2005లో అందరికీ ఉచితంగా విడుదలైన టెసరాక్ట్ అలాంటిదే. అది ఒక వరుసలోని అంకెలను ఎడమ నుంచి కుడికి చదివి, ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఇస్తుంది. ఖాళీని అది చదవదు. 40,00,000 తర్వాత వెంటనే 10,00,000 వస్తుంది. దాన్ని అలాగే గడుల్లో పోస్తే పది లక్షలు ఎడమకు జరిగి ఎక్కువ రోజుల కాలమ్‌లో కూర్చుంటాయి. దాని వెనక ఉన్న అంకెలు కూడా ఒక్కో గడి జరిగితే తప్పు కంటికి కనిపిస్తుంది. చివర మిగిలిన ఖాళీని చూసి ఎవరో 'మొత్తం' నుంచి కుడి వైపు గడులను సరిచేస్తే ఇక కనిపించదు. నలభై, పది కలిపితే ఎటు చూసినా యాభయ్యే.

అందుకే ఈ పని తెలిసినవారు వరుసను వరుసగా తీసుకోరు. ప్రతి అంకెతో పాటు పేజీ మీద అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కూడా తీసుకుంటారు. టెసరాక్ట్ ఆ వివరాన్ని పిక్సెల్‌లలో ఇస్తుంది. ఖాతాల్లో అంకెలు కుడి అంచుకు సర్ది ఉంటాయి. ఐదు వేలైనా ఐదు కోట్లైనా చివరి సున్నా ఒకే నిలువు గీత మీద పడుతుంది. కాబట్టి కాలమ్‌ను గుర్తించాల్సింది కుడి అంచుతోనే. ఎడమ అంచునో, మధ్య బిందువునో పట్టుకుంటే పెద్ద అంకె పక్క కాలమ్‌లోకి పొరలుతుంది.

ఆ నిలువు గీతలను ఎక్కడ గీయాలన్నదానికి పట్టికలోనే ఒక కొలబద్ద ఉంది. అది పేజీ అడుగున ఉండే మొత్తాల వరుస. మిగతా వరుసల్లో ఖాళీలుంటాయి, మొత్తాల వరుసలో దాదాపు ప్రతి కాలమ్‌లోనూ అంకె ఉంటుంది. పేజీ పేజీకీ అలాంటి వరుస ఒకటి ఉంటుంది కాబట్టి శీర్షికలు లేని రెండో పేజీలో కూడా గీతలు దొరుకుతాయి. మొదటి పేజీ గీతలను యథాతథంగా రెండో పేజీ మీద పరిస్తే మాత్రం కుదరదు. ఒక్కో కాగితం స్కానర్‌లో ఒక్కో రకంగా పడుతుంది. ఒకటి కాస్త కుడికి జరుగుతుంది, ఇంకొకటి కాస్త వంకరగా పోతుంది.

ఆ వంకర చిన్నదే అనిపిస్తుంది గానీ కాదు. అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేసిన ఏ4 కాగితం అడ్డంగా దాదాపు 3,508 పిక్సెల్‌లు ఉంటుంది. ఒక్క డిగ్రీ వంగితే వరుస కుడి చివర సుమారు 61 పిక్సెల్‌లు పైకో కిందికో పోతుంది. మామూలు ముద్రణలో రెండు వరుసల మధ్య దూరం 50 పిక్సెల్‌ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే వాహనాల వరుసలో మొదలైన చూపు కుడి చివరకు చేరేసరికి ఫర్నిచర్ వరుసలో తేలుతుంది. అందుకే చదివించడానికి ముందే ఏ పేజీకి ఆ పేజీని విడిగా నిటారు చేయాలి. మొదటి పేజీ వంకర కొలిచి మూడింటికీ అదే దిద్దుబాటు చేస్తే రెండు పేజీలు చెడతాయి.

పేజీలను కలిపే చోట మరో గోతి ఉంది. మొదటి పేజీ అడుగున 'ముందుకు తీసుకెళ్లినది', రెండో పేజీ తలపై 'వెనుక నుంచి తెచ్చినది' అనే వరుసలుంటాయి. మన ఉదాహరణలో తక్కువ రోజుల కాలమ్‌కు మొదటి పేజీ చివర 18,00,000, రెండో పేజీ చివర 46,00,000, మూడో పేజీలో తుది మొత్తం 52,00,000 అనుకుందాం. తెచ్చిన వరుసలను కూడా ఆస్తులుగా లెక్కేస్తే 18 లక్షలు, 46 లక్షలు అదనంగా చేరి కొనుగోళ్లు 1,16,00,000 అవుతాయి. ఆ వరుసలను ఆస్తుల జాబితాలోంచి తీసేయాలి, కానీ పారేయకూడదు. తనిఖీకి అవే ఆధారం.

ఇక అసలు పరీక్ష. అడ్డం కూడిక ఒక్కటే చూస్తే వాహనాల వరుస పాసవుతుంది. నిలువు కూడితే దొరికిపోతుంది. రెండో పేజీ చివర తక్కువ రోజుల కాలమ్‌లో 46 లక్షలు రావాల్సింది 36 లక్షలే వస్తాయి. పక్క కాలమ్‌లో 31 లక్షలు ముద్రించి ఉంటే 41 లక్షలు వస్తాయి. ఒకచోట పది తగ్గి పక్కనే పది పెరిగిందంటే, వరుసలు మాత్రం సరిపోయాయంటే, అది గడి జరిగిన గుర్తు. అంకెనే తప్పు చదివితే గుర్తు వేరుగా ఉంటుంది. 10,00,000ని 16,00,000గా చదివితే ఆ కాలమ్ ఒక్కటే ఆరు లక్షలు తేడా వస్తుంది, ఆ వరుస కూడా తప్పుతుంది. తేడాల తీరు చూసి రోగం ఏదో చెప్పొచ్చు.

నిలువు మొత్తాలు మసకబారి చదవరాకుండా ఉంటే తరుగుదల సాక్ష్యం చెబుతుంది. 40 లక్షలపై 15 శాతం అంటే ఆరు లక్షలు. కొత్త బండిపై సగం రేటుతో 75,000. కలిపితే 6,75,000, కాగితం మీద ఉన్నదీ అంతే. పది లక్షలు ఎక్కువ రోజుల కాలమ్‌వే అయితే తరుగుదల 7,50,000 ఉండాలి. ఆదాయ పన్ను రేట్ల ప్రకారం తరుగుదల చూపిన ఖాతాల్లోనే ఈ ఉపాయం పనికొస్తుంది. ఆస్తి జీవితకాలాన్ని బట్టి తరుగుదల వేసే ఖాతాల్లో సగం రేటు నియమమే ఉండదు.

ఈ తనిఖీలకూ చిక్కనివి కొన్ని ఉంటాయి. ఒకే పేజీలో ఒకే కాలమ్‌లో ఒక అంకె ఎంత పెరిగిందో మరొకటి అంతే తగ్గితే నిలువు కూడిక ఏమీ చెప్పదు, అడ్డం కూడికే పట్టుకోవాలి. లక్షల్లోకి కుదించి ముద్రించిన లెక్కల్లో చివరి అంకె ఒకటి అటూ ఇటూ అవడం సహజం, దాన్ని తప్పుగా లెక్కించకూడదు. ఒక్కోసారి ముద్రించిన మొత్తమే తప్పు కావొచ్చు. అప్పుడు లెక్క కుదిరేలా అంకెను మార్చడం అన్నిటికన్నా పెద్ద తప్పు, ఎందుకంటే ఆ తర్వాత ఆ తేడా ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. కుదరని గడిని కుదరలేదని గుర్తు పెట్టి, పక్కన పేజీ సంఖ్య వేసి వదిలేయాలి. ఆ తర్వాత ఎవరో ఒకరు స్కాన్ బొమ్మ తెరిచి, ఆ పది లక్షలు ఏ గీత కింద ఉన్నాయో కళ్లతో చూడాలి. ఉదాహరణలోని బండి విషయంలో 75,000 రూపాయల తరుగుదలే అది అక్టోబర్‌లోనో ఆ తర్వాతో రోడ్డెక్కిందని చెప్పింది.