మీటింగ్ తర్వాత మౌనం: ‘ఏమైంది సార్’ అని మళ్లీ మళ్లీ అడగకుండా కస్టమర్‌తో మాట కలపడం ఎలా?

మీటింగ్ బాగానే జరుగుతుంది. టీ ఇస్తారు, గోడౌన్ అంతా తిప్పి చూపిస్తారు, ధర మీద కాస్త బేరం కూడా ఆడతారు. ‘‘ఇంట్లో మాట్లాడి చెబుతామండీ’’ అంటూ గేటు దాకా వచ్చి సాగనంపుతారు. ఆ తర్వాత ఫోన్ రాదు. వారం చూసి అమ్మకందారు వాట్సాప్ పెడతాడు: ‘‘నమస్తే సార్, మా కొటేషన్ ఏమైంది?’’ నీలం టిక్కులు పడతాయి, జవాబు మాత్రం రాదు. ఇంకో వారానికి మళ్లీ అదే మెసేజ్. ఈసారి చివర్లో దండం పెట్టే బొమ్మ అదనం.

ఈ రెండో మెసేజ్‌తో ఇబ్బంది ఏమిటంటే, ‘ఏమైంది’ అన్న ప్రశ్నకు అవతలి మనిషి దగ్గర కూడా ఇంకా జవాబు లేదు. ఉంటే ఆయనే చెప్పేవారు. ‘లేదు’ అని రాయడం మొహమాటం, ‘చూస్తున్నాం’ అని మళ్లీ రాయడం ఇంకా మొహమాటం. అందుకే ఊరుకుంటారు. నాలుగోసారి అడిగేసరికి ఆ పేరు ఫోన్ మీద కనిపిస్తే ఎత్తడం కూడా మానేస్తారు. తప్పు గుర్తు చేయడంలో లేదు. ప్రతిసారీ ఒకే ప్రశ్న వేసి, పని మొత్తాన్నీ అవతలివారి మీదే పెట్టడంలో ఉంది.

ఒక ఉదాహరణతో చూద్దాం. మనుషులు, ధర ఊహించుకున్నవే గానీ, తేదీలు, పన్ను రేట్లు మాత్రం నిజమైనవి.

విజయవాడలో సోలార్ ప్యానెళ్లు బిగించే ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. 2025 ఆగస్టు 12న దాని యజమాని గుంటూరు దగ్గర మిర్చి నిల్వ చేసే ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లాడు. పైకప్పు మీద 100 కిలోవాట్ల ప్లాంటు పెట్టాలని ప్రతిపాదన. ధర పన్ను కాకుండా రూ.45 లక్షలు. రోజుకు సగటున 400 యూనిట్ల వరకు కరెంటు వస్తుంది. మీటింగ్‌లో కోల్డ్ స్టోరేజీ ఓనరు, ఆయన తమ్ముడు, మేనేజరు కూర్చున్నారు. మేనేజరు ఒకటే అడిగాడు: ‘‘రేకులకు రంధ్రాలు పెడితే వానకు కారదా?’’ ఓనరు ‘‘ఆడిటర్‌ని అడిగి చెబుతా’’ అన్నారు. తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మేనేజరు 12 నెలల కరెంటు బిల్లుల జిరాక్సులు తీసి ఇచ్చాడు.

ఆ జిరాక్సులను తేలిగ్గా తీసుకోకూడదు. మీటింగ్ తర్వాత వచ్చిన మౌనం ఎలాంటిదో చెప్పేది అవతలివాళ్లు అన్న మంచి మాటలు కాదు, వాళ్లు చేసిన పని. బిల్లులు వెతికి ఇచ్చారంటే, పైకప్పు ఎక్కించి చూపించారంటే, ఆడిటర్ పేరెత్తారంటే ఆలోచన నిజంగానే ఉంది, ఎక్కడో ఆగింది. టీ ఇచ్చి, అన్నిటికీ ‘బావుంది బావుంది’ అని, ఒక్క కాగితం కూడా ఇవ్వకుండా పంపించారంటే ఆ మౌనం చాలాసార్లు ‘వద్దు’ అనడమే. మనవాళ్లు మొహం మీద కాదనరు.

మొదటి మెసేజ్ మీటింగ్ జరిగిన మర్నాడే వెళ్లాలి. దాంట్లో కృతజ్ఞతలు ఒక్క ముక్క చాలు. మిగతాదంతా ఎవరు ఏం అడిగారు, ఎవరు ఏం చేస్తామన్నారు అన్నదే. ‘‘నిన్న రెండు విషయాలు మిగిలాయండీ. రేకుల లీకేజీ గురించి మేనేజర్ గారు అడిగినదానికి ఫొటోలతో వివరం నేను పంపిస్తాను. తరుగుదల లెక్క మీరు ఆడిటర్ గారిని అడుగుతానన్నారు. ఆయనకు కావాల్సిన కాగితం నేనే తయారు చేసి ఇస్తాను.’’ ఇలా రాస్తే తర్వాత పంపబోయే రెండు మెసేజ్‌లకు కారణాలు అప్పుడే దొరుకుతాయి. మీటింగ్‌లో ఏ ప్రశ్న ఎవరు అడిగారో రాసుకోనివాళ్ల దగ్గర వారం తర్వాత ‘ఏమైంది’ తప్ప మరో మాట మిగలదు.

ఇక రెండో మెసేజ్. మేనేజరు భయం చిన్నదేమీ కాదు. చుక్క నీరు కారి ఇన్సులేషన్‌లోకి దిగినా, టిక్కీలకు తేమ తగిలినా నష్టం రైతుల సరుకుకు. ఓనరు దాన్ని పైకి అనకపోయినా, ఆ ప్రశ్నకు జవాబు దొరక్కుండా మేనేజరు ‘సరే’ అనడు. మేనేజరు సరే అనకుండా ఓనరు సంతకం పెట్టరు. కాబట్టి పది పన్నెండు రోజులు ఆగి, ఆగస్టు 25 ప్రాంతంలో పంపాల్సింది దీని జవాబే. రేకు అంచులు పైకి మడిచి కలిపిన రకమైతే ఆ మడతను పట్టుకునే క్లాంపులు ఉంటాయి, రంధ్రమే అక్కర్లేదు. మామూలు గాడి రేకైతే స్క్రూలు తప్పవు. అప్పుడు వాటిని నీరు పారే పల్లంలో కాకుండా గాడి ఎత్తు మీద, రబ్బరు వాషర్లతో బిగించాలి. తాము గతంలో బిగించిన ఇలాంటి పైకప్పు ఫొటో ఒకటి, వాన పడ్డాక లోపలి నుంచి తీసింది, దీనికి జత చేయాలి. ఆ షెడ్డు ఓనరును ముందే అడిగి ఆయన నంబరు కూడా ఇవ్వగలిగితే ఇంకా మంచిది. ఈ మెసేజ్‌లో కొటేషన్ ప్రస్తావన తేకూడదు. ‘‘మేనేజర్ గారికి చూపించండి’’ అంటే చాలు. ఓనరు దాన్ని ఫార్వర్డ్ చేస్తే, మనం లేనిచోట మన విషయం మళ్లీ చర్చకు వచ్చినట్టే.

మూడో మెసేజ్‌కు కారణం బయటి నుంచి వచ్చింది. సోలార్ పరికరాల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గిస్తున్నట్టు 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ ప్రకటించింది. అమలు సెప్టెంబరు 22 నుంచి. ప్లాంటు కాంట్రాక్టులో 70 శాతాన్ని సరుకుగా, 30 శాతాన్ని సేవగా లెక్కిస్తారు. సేవ భాగం మీద 18 శాతం మారలేదు. కాబట్టి మొత్తం మీద పన్ను 13.8 శాతం నుంచి 8.9 శాతానికి దిగింది. రూ.45 లక్షల మీద అది సుమారు రూ.2.20 లక్షల తేడా. వ్యవసాయ ఉత్పత్తుల నిల్వకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, కొనుగోలు మీద కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు కోల్డ్ స్టోరేజీ ఓనర్లకు తక్కువ. అంటే ఇది ఆయన జేబులో మిగిలే డబ్బే.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఇంకో తేదీ కూడా దగ్గర పడుతోంది కదా. ఆదాయపు పన్ను లెక్కల్లో సోలార్ పరికరాలకు 40 శాతం తరుగుదల దొరుకుతుంది. ఆర్థిక సంవత్సరంలో 180 రోజులకన్నా తక్కువ వాడితే ఆ ఏడాదికి సగమే. మార్చి 31 నుంచి వెనక్కి లెక్కేస్తే ప్లాంటు అక్టోబరు 3 నాటికి వాడకంలోకి రావాలి. ‘‘ఇదే ఆఖరి అవకాశం, ఈ వారమే ఆర్డర్ ఇవ్వండి’’ అని రాయాలని చేయి లాగుతుంది. కానీ సరుకు తెప్పించడం, బిగించడం, డిస్కం అనుమతి కలిపి ఆరు వారాలు పడుతుందనుకుంటే, సెప్టెంబరు మొదటి వారంలో ఆర్డర్ ఇచ్చినా ఆ తేదీ అందదు. ఓనరు ఆడిటర్‌ని అడిగితే అది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ తర్వాత ఈ అమ్మకందారు చెప్పే ఏ తేదీనీ ఎవరూ నమ్మరు.

అందుకే సెప్టెంబరు 5న వెళ్లాల్సిన మెసేజ్ ఇలా ఉంటే బాగుంటుంది: ‘‘నమస్తే అండీ. సోలార్ మీద జీఎస్టీ తగ్గింది, మీ ప్లాంటు మీద దాదాపు రూ.2.20 లక్షలు కలిసొస్తుంది. 22వ తేదీ నుంచి అమలు కాబట్టి అంతకుముందు ఆర్డర్ ఇవ్వొద్దు. అక్టోబరు 3 లోపు పూర్తి చేయడం ఇప్పుడు కుదరదు, ఈ ఏడాది తరుగుదల సగమే వస్తుంది. మిగతా విలువ మీద వచ్చే ఏడాది నుంచి మామూలుగా వస్తుంది. ఆడిటర్ గారి కోసం ఒక పేజీ లెక్క పంపుతున్నాను.’’ అమ్మకందారే ‘ఇప్పుడు వద్దు’ అనడం వింతగా కనిపించొచ్చు. నా అంచనాలో ఈ మొత్తం వరుసలో జవాబు వచ్చే అవకాశం దీనికే ఎక్కువ. కొత్త కొటేషన్ మాత్రం ఇప్పుడే పంపక్కర్లేదు.

ఆ తర్వాత రెండు వారాలు ఊరుకోవాలి. 2025లో సెప్టెంబరు 8 నుంచి 21 వరకు మహాలయ పక్షాలు. పట్టింపు ఉన్న ఇళ్లలో కొత్త పని మొదలుపెట్టరు. ఆ రోజుల్లో ఫోన్ చేస్తే వచ్చే ‘చూద్దాం’ వెనుక మన ధరకు సంబంధించిన కారణమే ఉండదు. ఆషాఢమూ, మూఢమూ ఇంతే. పంచాంగం నమ్మకపోయినా అమ్మకందారు గోడ మీద ఒక పంచాంగ క్యాలెండర్ ఉండటం లాభమే. కొత్త పన్నుతో సవరించిన కొటేషన్ నవరాత్రుల్లో వెళ్తుంది, దసరా అక్టోబరు 2న.

అప్పటికీ మౌనమే అయితే? పండగ వెళ్లాక ఒకసారి ఫోన్ చేయాలి, అదీ ఉదయం ఓనరు ఆఫీసులో కూర్చునే వేళకు. అడగాల్సింది ‘ఏమైంది’ అని కాదు, ‘ఎక్కడ ఆగింది’ అని. జవాబులు కూడా మనమే అందిస్తే ఆయనకు తేలిక: ‘‘రేకుల గురించి అనుమానం ఉందా అండీ, డబ్బు సర్దుబాటా, లేక ఈ ఏడాదికి వద్దనుకున్నారా? ఏదైనా పర్లేదు, చెబితే నేను దాన్నిబట్టి ఉంటాను.’’ మూడో జవాబు కూడా మన నోటితోనే అంటే, కాదనడంలోని మొహమాటం తగ్గుతుంది.

ఇలా అడిగినప్పుడు ఏ కొటేషన్‌లోనూ లేని కారణం బయటపడొచ్చు. మన ఉదాహరణలో ఓనరు చెప్పింది ఇది: ‘‘మా తమ్ముడు పక్కనే ఇంకో చాంబర్ కడదామంటున్నాడండీ.’’ మీటింగ్‌లో తమ్ముడు నోరెత్తకపోవడానికి కారణం అదే. కొత్త షెడ్డు వస్తుంటే పాత రేకుల మీద ప్లాంటు ఎందుకని ఆయన ఆలోచన. ఇంతకాలం రేట్లు, రాయితీలు ఎన్ని పంపినా ఇది కదిలేది కాదు. ఇప్పుడు పంపాల్సింది కొత్త షెడ్డు డిజైన్ చేసే ఇంజినీరుకు పనికొచ్చే వివరం: ప్యానెళ్లు, ఫ్రేములు కలిపి చదరపు మీటరుకు సుమారు 15 కిలోల బరువు పడుతుందని, ట్రస్సులు దానికి తగ్గట్టు వేయించుకోమని, వీలైతే వాలు దక్షిణానికి ఉంచమని. అది తమ్ముడి నంబరుకే వెళ్లాలి, అన్నగారికి చెప్పి.

ఫోన్ కూడా ఎత్తకపోతే, బిల్లుల జిరాక్సులు ఇచ్చినా సరే, ఇక ఒక్క మెసేజే మిగిలింది. ‘‘ఈ కొటేషన్ గడువు అక్టోబరు 31తో ముగుస్తుందండీ. ఆ తర్వాత ప్యానెళ్ల ధరనుబట్టి కొత్తగా వేయాల్సి ఉంటుంది. నా వైపు నుంచి ఫైలు ఆపేస్తున్నాను. మీ బిల్లుల కాపీలు నా దగ్గర భద్రంగా ఉన్నాయి.’’ నిష్ఠూరం ఉండకూడదు, చెప్పిన గడువు నిజమై ఉండాలి. నవంబరులో అదే ధరకు మళ్లీ ఫోన్ చేస్తే ఈ మెసేజ్‌కు విలువే ఉండదు. డైరీలో తర్వాతి తేదీ జనవరిలో వేసుకోకూడదు. కొత్త మిర్చి రాక మొదలై వేసవి దాకా ఆయనకు ఊపిరాడదు. టిక్కీలతో చాంబర్లు నిండి, కంప్రెసర్లు రాత్రింబవళ్లు తిరిగి, మే నెల కరెంటు బిల్లు చేతికొచ్చేది జూన్‌లో. అప్పుడు పాత 12 నెలల బిల్లుల పక్కన ఆ కొత్త బిల్లు పెట్టి చూపించే ఒక కాగితంతో మళ్లీ పలకరించొచ్చు.