మొదటి ఆఫర్‌లో జీతం అడగడం ఎలా?

మొదటి ఆఫర్ లెటర్ రాగానే ఇంట్లో అందరూ సీటీసీ అంకెనే చూస్తారు. ఏడాదికి 6 లక్షలంటే నెలకు 50 వేలని లెక్క కట్టేస్తారు. కానీ బ్యాంకు ఖాతాలో పడేది అంత ఉండదు. జీతం అడగాలనుకునేవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోవాలి.

ఆ 6 లక్షల్లో బేసిక్ సగం, అంటే 3 లక్షలు అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ 36 వేలు, గ్రాట్యుటీ కింద చూపే 14 వేల పైచిలుకు, వేరియబుల్ పే 60 వేలు సీటీసీలోనే కలిసి ఉంటాయి. మిగిలినదాంట్లో మీ వాటా పీఎఫ్ మరో 36 వేలు, వృత్తి పన్ను నెలకు 200 పోతాయి. చివరికి నెలకు చేతికొచ్చేది సుమారు 37,600. పీఎఫ్ మీ డబ్బే, ఎక్కడికీ పోదు. వేరియబుల్ మాత్రం మీ పనితీరు, కంపెనీ లాభాలను బట్టి వస్తుంది, పూర్తిగా వస్తుందన్న హామీ లేదు. అందుకే పెంచమని అడిగేది ఫిక్స్‌డ్ పే గురించే కావాలి.

క్యాంపస్‌లో వందలమందికి ఒకే ప్యాకేజీ ఇచ్చే పెద్ద కంపెనీలు ఫ్రెషర్‌కి అంకె మార్చడం అరుదు. విడిగా ఇంటర్వ్యూ చేసి తీసుకున్న చిన్న, మధ్యతరహా కంపెనీల్లో వీలుంటుంది. ఆఫర్ చేతికొచ్చాక, ఒప్పుకునే ముందు అడగాలి. ఇంటి అద్దె, ఎడ్యుకేషన్ లోన్ మీ అవసరాలు. హెచ్‌ఆర్ పైవాళ్లకు చెప్పుకోవాలంటే పనికి సంబంధించిన కారణం ఉండాలి. ఫోన్‌లోనైనా మెయిల్‌లోనైనా ఇలా అడగవచ్చు:

"మేడమ్, ఆఫర్ ఇచ్చినందుకు ధన్యవాదాలు, మీ టీమ్‌లో చేరాలని నాకు నిజంగా ఉంది; ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌లో ఇదే పని చేశాను కాబట్టి, ఫిక్స్‌డ్ పే 5 లక్షల 40 వేల నుంచి 5 లక్షల 80 వేలకు పెంచడానికి వీలవుతుందేమో ఒకసారి చూడగలరా?"

అడిగాక ఆగండి. కంగారులో "పర్లేదులెండి, ఇంతైనా చాలు" అనేస్తే అడిగింది అక్కడితో పోయినట్టే. ఆ 40 వేలు ఒప్పుకుంటే చేతికి నెలకు దాదాపు 2,800 పెరుగుతుంది. కుదరదంటే జాయినింగ్ బోనస్ అడగవచ్చు. కానీ ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు దానికి తరచూ ఉంటుంది, చదువుకోండి. లేని ఆఫర్ ఉందని మాత్రం చెప్పొద్దు. ఆ లెటర్ చూపించమంటే నమ్మకం పోతుంది, ఉద్యోగమూ పోవచ్చు.

ఫోన్‌లో సరేనన్నా, కొత్త అంకెతో సవరించిన ఆఫర్ లెటర్ వచ్చాకే సంతకం పెట్టండి.