‘నేనొచ్చి అడిగినా ఆడనివ్వకండి’ అని రాసిచ్చే పద్దు
బ్రిటన్‌లో చదివే మన పిల్లలకు అక్కరకు వచ్చేదెంత? రానిదెంత?

పేకాట క్లబ్బులో డబ్బు పోగొట్టుకున్న మనిషి ఒకరోజు బుద్ధి తెచ్చుకుని గుమస్తా దగ్గరకు వెళ్ళి, “ఇక మీదట నేనొచ్చి కాళ్ళు పట్టుకున్నా నన్ను కూర్చోనివ్వకయ్యా” అని చెప్పి వస్తాడు. గుమస్తా సరేనంటాడు. నాలుగు రోజులు గడిచాక ఆ మనిషే వస్తే గుమస్తా కాదనడు. ఆ క్లబ్బు కాకపోతే పక్క ఊళ్ళో మరొకటి ఉండనే ఉంది. అందువల్ల మన దగ్గర ఇలాంటి మాటకు విలువ లేకుండా పోయింది.

ఇదే మాటను దేశం మొత్తానికి ఒకే పద్దులో రాయించుకుని, కంపెనీలన్నీ దాన్ని పాటించి తీరాలని కట్టడి చేసిన దేశం బ్రిటన్. ఆ పద్దు పేరు గామ్‌స్టాప్. దీన్ని స్వీయ నిషేధం అంటున్నారు. ఎవరో విధించేది కాదు, ఆడే మనిషి తనకు తానే విధించుకునేది. చదువులకని పొలాలు తాకట్టు పెట్టి పిల్లల్ని ఆ దేశానికి పంపిన ఇళ్ళు మన పల్లెల్లో ఉన్నాయి. అక్కడ పందెం కట్టడం చట్టబద్ధం. ఫోనులో రాత్రింబవళ్ళు ఆడవచ్చు. కాబట్టి ఈ పద్దు సంగతి ఇక్కడి తలిదండ్రులు కూడా తెలుసుకోవలసిందే.

గామ్‌స్టాప్ 2018లో మొదలైంది. తొలి రెండేళ్ళు చేరిన కంపెనీలు చేరాయి, లేనివి లేవు. 2020 మార్చి 31 నుంచి బ్రిటిష్ జూద నియంత్రణ కమిషన్ లైసెన్సు ఉన్న ప్రతి ఆన్‌లైన్ కంపెనీ ఈ పద్దును చూసుకుని తీరాలని నిబంధన వచ్చింది. చేరడానికి పైసా ఖర్చు లేదు. gamstop.co.uk అనే చోట పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఈ-మెయిలు, ఫోను నంబరు ఇచ్చి, ఆరు నెలలా, ఏడాదా, ఐదేళ్ళా అన్నది ఎంచుకోవాలి. 24 గంటల లోపు అది అమలులోకి వస్తుంది.

అక్కడ జరిగేది అర్థం కావడానికి ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. కోనసీమలో రెండెకరాలు తాకట్టు పెట్టి తండ్రి అతణ్ణి బర్మింగ్‌హామ్‌కు పంపాడు. జనవరిలో కట్టవలసిన రెండో వాయిదా ఫీజు 4,000 పౌండ్లు ముందుగానే కొడుకు ఖాతాలో వేశాడు. విద్యార్థి వీసా మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చెయ్యకూడదు. కుర్రాడు ఒక కిరాణా కొట్టులో పనిచేస్తున్నాడు. తోటివాళ్ళతో కలిసి ఫుట్‌బాల్ ఆటల మీద అయిదూ పదీ పౌండ్లు కాశాడు. నవంబరు నాటికి అది ఫోనులో తిరిగే రూలెట్ చక్రం అయింది. 4,000లో 1,100 పోయాయి. ఒక ఆదివారం రాత్రి భయం పుట్టి, ఆరు నెలలకు గామ్‌స్టాప్‌లో పేరు రాయించుకున్నాడు.

సోమవారం రాత్రికల్లా అతని ఖాతాలు మూతపడ్డాయి. ఒక ఖాతాలో మిగిలిన 60 పౌండ్లను కంపెనీ అతనికి తిరిగి ఇవ్వాలి. అతనికి ప్రచార సందేశాలు పంపడం కూడా మానుకోవాలి. రెండు రోజుల తరువాత మనసు మార్చుకుని, “పొరపాటున రాయించాను, తీసెయ్యండి” అన్నా తీయరు. ఎంచుకున్న గడువును పెంచుకోవచ్చు, తగ్గించుకోవడానికి మాత్రం వీల్లేదు. క్లబ్బు గుమస్తా మాటకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది.

పది రోజులకు కుర్రాడికి చెయ్యి ఊరుకోలేదు. కొత్త ఈ-మెయిలు పుట్టించి వేరే కంపెనీలో ఖాతా తెరవబోయాడు. తెరుచుకోలేదు. కంపెనీ ఈ-మెయిలు ఒక్కటే చూడదు. పేరూ, పుట్టిన తేదీ, పోస్టు కోడ్ కూడా పద్దుతో సరిచూస్తుంది. ఇక్కడ మన తెలుగువాళ్ళు గమనించవలసిన చిక్కు ఒకటుంది. మన పేర్లు పొడుగు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఒక్కో కాగితంలో ఒక్కో తీరు. పాస్‌పోర్టులో మూడు మాటల పేరు ఉంటే బ్యాంకులో రెండు మాటలే ఉండవచ్చు. ఆపైన విద్యార్థులు అద్దె గదులు మారుతూనే ఉంటారు, సిమ్ములు మారుస్తూనే ఉంటారు. పద్దులో ఉన్న వివరాలకూ, కొత్త ఖాతాలో రాసిన వివరాలకూ పొంతన కుదరకపోతే యంత్రం మనిషిని పోల్చుకోలేకపోవచ్చు. అక్కడి కంపెనీలు ఆడనిచ్చే ముందే వయసు, గుర్తింపు సరిచూడాలన్న నిబంధన 2019 నుంచి ఉంది. అందుచేత పాస్‌పోర్టులో ఉన్న పేరే అక్షరం తప్పకుండా పద్దులో రాయించుకోవడం మేలు. పాత చిరునామాలు, వాడే ఈ-మెయిళ్ళు, నంబర్లు అన్నీ చేర్చాలి. గది మారినప్పుడు కొత్త చిరునామా కూడా ఎక్కించాలి. చాలామంది మరచిపోయేది ఇదే.

తలుపు మూస్తే కిటికీలు

గామ్‌స్టాప్ ఆపేది ఆన్‌లైన్ ఆటను మాత్రమే. బర్మింగ్‌హామ్ వీధిలో పందేల దుకాణం ఉంటుంది. అందులోకి నోటు పట్టుకుని నడిచి వెళ్ళేవాడికి ఈ పద్దు అడ్డం రాదు. దుకాణాలకు మరో ఏర్పాటు ఉంది. దాని పేరు మోసెస్. ఒక్క ఫోను చేసి, తాను ఉండే చోటూ, పనిచేసే చోటూ చెప్పి, ఫొటో ఇస్తే ఆ చుట్టుపక్కల దుకాణాలకు ఆ ఫొటో వెళుతుంది. క్యాసినోలకు సెన్స్ అని ఇంకొకటి. అయితే దుకాణంలో ఆపవలసింది యంత్రం కాదు, బల్ల వెనక కూర్చున్న ఉద్యోగి. ఉద్యోగి మారినా, రద్దీ ఎక్కువైనా, వచ్చినవాడు టోపీ పెట్టుకున్నా పోల్చుకోలేకపోవచ్చు. ఒక పేటలో పేరు రాయించినవాడు రెండు మైళ్ళు నడిచి ఇంకో పేటకు పోతే అక్కడి బల్ల మీద అతని ఫొటో ఉండకపోవచ్చు. మన కుర్రాడి విషయంలో కిటికీ ఇంకా దగ్గరగా ఉంది. అతను పనిచేసే కిరాణా కొట్టులోనే గీకి చూసే లాటరీ చీటీలు వేలాడుతుంటాయి. రొక్కమిచ్చి కొనే చీటీకి పేరు అడిగేవారు లేరు.

అన్నింటికంటే పెద్ద కంత వేరే ఉంది. బ్రిటన్ లైసెన్సు లేకుండా కురసావ్ వంటి ద్వీపాల నుంచి నడిచే సైట్లకు గామ్‌స్టాప్‌తో పనిలేదు. ఆ సంగతిని అవి దాచుకోవు సరికదా, “మేము గామ్‌స్టాప్‌లో లేము” అన్నదే వాటి ప్రకటన. మానుకుందామని పేరు రాయించుకున్నవాడినే గురిచూసి వల వెయ్యడం అన్నమాట. ఈ సైట్లను గుర్తుపట్టడం కష్టం కాదు. లైసెన్సు ఉన్న కంపెనీ తన పేజీ అడుగున కమిషన్ పేరు, లైసెన్సు నంబరు వేస్తుంది. ఆ నంబరును కమిషన్ వారి బహిరంగ జాబితాలో ఎవరైనా సరిచూసుకోవచ్చు. 2020 ఏప్రిల్ 14 నుంచి బ్రిటన్‌లో క్రెడిట్ కార్డుతో జూదమాడటం నిషేధం. కాబట్టి క్రెడిట్ కార్డు తీసుకుంటామన్న ఆన్‌లైన్ జూదశాల, క్రిప్టోలోనే చెల్లించమన్న ఆన్‌లైన్ జూదశాల ఆ జాబితాలోది కాదని అనుమానించవచ్చు. అక్కడ గెలిచినా డబ్బు చేతికి రాకపోతే ఫిర్యాదు వినేందుకు బ్రిటన్‌లో దిక్కు ఉండదు.

మన ఊరి నుంచే పోయే కంత కూడా ఒకటుంది. క్రికెట్ రోజుల్లో వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో పందేలు రాసుకునే ఏజెంట్లు ఉన్నారు. కుర్రాడి ఫోనులో ఇండియా నంబరు, దానికి తగిలించిన యూపీఐ ఖాతా ఇంకా బతికే ఉంటే బర్మింగ్‌హామ్ గదిలో కూర్చుని ఇక్కడి ఏజెంటుకు డబ్బు పంపగలడు. బ్రిటన్ పద్దుకు ఈ లావాదేవీ కనిపించనే కనిపించదు. మన దగ్గర అలాంటి పద్దు లేదు. ఆటనే నిషేధించడం ఇక్కడి పద్ధతి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు మార్చి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు కూడా చట్టం చేసింది. చట్టానికి దొరక్కుండా నడిపే ఏజెంటు ఎవరి పేరు రాయించినా లెక్క చెయ్యడు.

ఇక స్నేహితుడి పేరు మీద ఉన్న ఖాతాలో ఆడితే ఏ పద్దూ పట్టుకోలేదు. షేర్ల ధరల మీద, క్రిప్టో ధరల మీద రోజువారీ పందెం లాగా ఆడే వ్యాపారం కూడా గామ్‌స్టాప్ పరిధిలో లేదు. పోయిన 1,100 పౌండ్లు సరేసరి. పేరు రాయించినంత మాత్రాన అవి తిరిగి రావు.

డబ్బు దారిలో కాపలా

ఈ కంతల్లో కొన్నింటిని పూడ్చేవి రెండున్నాయి. ఒకటి బ్యాంకు. అక్కడి పెద్ద బ్యాంకుల యాప్‌లలో జూదపు చెల్లింపులు ఆపే మీట ఉంటుంది. నొక్కగానే అమలవుతుంది. తిరిగి తీయాలంటే చాలా బ్యాంకుల్లో 48 గంటలో, 72 గంటలో ఆగాలి. ఆ రెండు మూడు రోజుల్లో ఆవేశం చల్లారుతుందని లెక్క. కార్డు గీసిన వ్యాపారం ఏ రకమో చెప్పే కోడ్‌ను చూసి బ్యాంకు ఆపుతుంది. దొంగ సైటు తన వ్యాపారాన్ని బట్టల కొట్టుగా చూపించుకుంటే బ్యాంకు కూడా మోసపోతుంది. ఏటీఎంలో తీసిన రొక్కం ఎటు పోయిందో దానికి తెలియదు. రెండోది గామ్‌బాన్ అనే సాఫ్ట్‌వేర్. ఫోనులో పెడితే జూదపు సైట్లను, దేశం వెలుపలి వాటితో సహా, తెరవనివ్వదు. రోజూ పుట్టుకొచ్చే కొత్త సైటు ఒకటి రెండు తప్పించుకోవచ్చు. ఫోను, లాప్‌టాప్ రెండింటిలోనూ పెట్టాలి. ఒకదానిలో పెట్టి ఊరుకుంటే రెండోది తెరిచి ఉన్నట్టే.

ఇక్కడున్న తండ్రి కొడుకు పేరు గామ్‌స్టాప్‌లో రాయించగలడా? రాయించలేడు. పెళ్ళయితే భార్య కూడా రాయించలేదు. ఆడే మనిషే స్వయంగా రాయించుకోవాలి. తండ్రి చేతిలో ఉన్నది డబ్బు దారి. ఫీజును కొడుకు ఖాతాలో వెయ్యకుండా బ్యాంకు ద్వారా నేరుగా విశ్వవిద్యాలయానికి పంపవచ్చు. కట్టిన రసీదు అక్కడి నుంచే అడగవచ్చు. ఖర్చుల డబ్బు ఏడాదికి సరిపడా ఒక్కసారే కాక, నెలనెలా పంపవచ్చు. పై లెక్కలో 4,000 పౌండ్లు నేరుగా వెళ్ళి ఉంటే ఆ 1,100 అసలు చక్రం దాకా చేరేవి కావు.

చివరగా గడువు సంగతి. మన కుర్రాడు నవంబరులో ఆరు నెలలు ఎంచుకున్నాడు. అది మే నెలతో ముగుస్తుంది. అక్కడ పరీక్షల కాలం, చేతిలో పని డబ్బు కాస్త కూడే కాలం. అయితే గడువు తీరిన రోజున నిషేధం దానంతట అది ఎత్తిపోదు. తీసెయ్యమని అతనే అడగాలి. అడిగాక కూడా మరో 24 గంటలు ఆగాలి. అడగకపోతే పేరు పద్దులోనే ఉంటుంది. ఆరు నెలలా, ఐదేళ్ళా అన్న గీత దగ్గర ఆలోచించేవారు ఈ మే నెల లెక్క కూడా చూసుకోవడం మంచిది. బ్రిటన్‌లో ఉన్నవారు మాట్లాడదలిస్తే జాతీయ జూద సహాయ కేంద్రం నంబరు 0808 8020 133. ఏ వేళ చేసినా ఖర్చు లేదు.