‘వివరాలు వాట్సాప్‌లో పెట్టండి’ అన్నాక...

డాబాల మీద సోలార్ ప్యానెళ్లు అమ్మేవాళ్లు రోజూ వినే మాట ఒకటుంది: ‘‘వివరాలు వాట్సాప్‌లో పెట్టండి, చూసి చెబుతాం.’’ చాలామంది సరేనని కంపెనీ బ్రోచర్ పంపేస్తారు. నాలుగు రోజులాగి ‘‘చూశారా సార్?’’ అని ఫోన్ చేస్తారు. ‘‘ఇంకా లేదండీ’’ అంటారు అవతలివాళ్లు. బేరం అక్కడితో సరి.

ఆ మాట అనేవాళ్లంతా ఒక రకం కాదు. కొందరు మర్యాదగా వద్దంటున్నారు. కొందరికి మనసుంది గానీ ఏం అడగాలో తెలియదు. ఇంకొందరు ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించాలి. అందరికీ ఒకే బ్రోచర్ పంపితే ఎవరు ఏ రకమో ఎప్పటికీ తెలియదు. తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. అదీ పంపుతానని మాటిచ్చాకే అడగాలి. లేదంటే అడిగింది ఇవ్వకుండా సతాయిస్తున్నట్టుంటుంది.

విజయవాడలో సొంత డాబా ఉన్న ఒకాయన వివరాలు పంపమన్నారనుకుందాం.

‘‘తప్పకుండా పంపుతాను సార్. మీ ఇంటికి సరిపోయేవే పంపుతాను. ఎండాకాలం మీ బిల్లులో ఎన్ని యూనిట్లు వస్తున్నాయి?’’

‘‘మూడు వందల యాభై, నాలుగు వందలు. అయినా సబ్సిడీ అంటారు గానీ, ముందు డబ్బంతా మేమే పెట్టుకోవాలటగా?’’

అసలు సందేహం బయటికొచ్చింది. సబ్సిడీ ఎంతన్నది కాదు, ఎప్పుడొస్తుందన్నది ఆయన బెంగ. ఇక్కడ దాటవేస్తే నమ్మకం పోతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు కేంద్రం ఇచ్చేది 78,000 రూపాయలు. ప్యానెళ్లు బిగించి, విద్యుత్ సంస్థ తనిఖీ చేసి, నెట్ మీటరు పెట్టాకే అది వినియోగదారు బ్యాంకు ఖాతాలో పడుతుంది. అందాకా సొంత డబ్బో, బ్యాంకు రుణమో పెట్టుకోవాల్సిందే. ఆ మాట సూటిగా చెప్పిన అమ్మకందారుతో ఆయన ఇంకో పది నిమిషాలు మాట్లాడతారు.

అప్పుడు పంపాల్సింది అరపేజీ మెసేజీ. 3 కిలోవాట్లకు రోజుకు సుమారు 12 యూనిట్లు, అంటే నెలకు 360 దాకా వస్తాయి, మబ్బు పట్టిన రోజుల్లో తగ్గుతాయి. నీడ పడని చోటు 300 చదరపు అడుగులు కావాలి. డబ్బు ఎప్పుడు కట్టాలో, సబ్సిడీ ఎప్పుడొస్తుందో వరసగా రాయాలి. చివర ఇంకొక్క ప్రశ్న: ‘‘కరెంటు బిల్లు ఎవరి పేరున ఉంది సార్?’’

‘‘మా అమ్మగారి పేరున.’’

‘‘అయితే శనివారం సాయంత్రం ఆవిడ ఇంట్లో ఉన్నప్పుడు వస్తాను. మేడ మీద ట్యాంకు నీడ ఎంతవరకు పడుతుందో కూడా చూద్దాం.’’

నిర్ణయం తీసుకునే మనిషి ఎవరో తెలిసింది, కలిసే రోజూ కుదిరింది.

యూనిట్లు అడిగినా ‘‘ముందు పంపండి, చూద్దాం’’ అని తప్పించుకుంటే అది చాలావరకు వద్దనడమే. ఆ అరపేజీ పంపి, వారం తర్వాత ఒక్కసారి ఫోన్ చేసి, అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఆ నంబరును వదిలేయండి.